తొలగించిన సరుకు ఫోటోలు: సహాయ విభాగానికి దుకాణదారు రాసే ఈ-మెయిల్

4.1 పరిచయం

వ్యాపార లేఖకు ఉండవలసిన సాధారణ రూపాన్ని మీరు ఇంతకుముందు పాఠంలో చూశారు. ఈ పాఠంలో ఒకే ఒక లేఖను తీసుకుని దాన్ని లోతుగా పరిశీలిద్దాం. ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో ఒక చిన్న దుకాణదారు తన సరుకుల ఫోటోలు పెట్టారు. అవి కనిపించాయి. కొన్ని గంటల తర్వాత వాటిలో కొన్ని మాయమయ్యాయి. అప్పుడు వేదిక సహాయ విభాగానికి ఆమె రాయవలసిన ఈ-మెయిల్ ఎలా ఉండాలి? అంతకంటే ముఖ్యంగా, దాన్ని రాయడానికి ముందు ఆమె ఏం చూసుకోవాలి?

పాఠం కోసం నల్లకుంటలో ఒక పచ్చళ్ళ దుకాణాన్ని ఊహించుకుందాం. దుకాణం శంకర మఠానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. యజమానురాలు ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు తయారుచేసి, సీసాల్లోనూ పొట్లాల్లోనూ నింపి అమ్ముతారు. చుట్టుపక్కల ఇళ్ళవారు నేరుగా దుకాణానికి వస్తారు. చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే విద్యార్థులు మాత్రం ఎక్కువగా ఫోన్‌లోనే కొంటారు. కంది పొడి, కరివేపాకు పొడి వారివల్లే కదులుతాయి. దుకాణం, యజమానురాలు, కేసు సంఖ్య, సరుకు సంకేతాలు అన్నీ బోధన కోసం కల్పించినవే. ఫోటోలు తొలగిపోయే తీరు, చట్టాల సంగతి మాత్రం కల్పితం కాదు.

4.2 జరిగిన సంగతి

2025 జూన్ 10న ఆమె ఐదు సరుకులకు ఫోటోలు తీశారు: ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కంది పొడి, కరివేపాకు పొడి. ఒక్కో సరుకుకు మూడు ఫోటోలు. మొదటిది సీసా లేదా పొట్లం, రెండవది పళ్ళెంలో వడ్డించిన పదార్థం, మూడవది లేబుల్ మీద దినుసుల జాబితా మాత్రమే కనిపించేలా దగ్గరగా తీసినది. మొత్తం పదిహేను. దుకాణం కట్టేసి, లెక్కలు చూసుకుని, రాత్రి 12 గంటల 20 నిమిషాలకు వాటిని వేదికలోకి ఎక్కించారు. పది నిమిషాల్లో పదిహేనూ కనిపించాయి. నిశ్చింతగా పడుకున్నారు.

ఉదయం 9 గంటలకు చూస్తే ఐదు ఫోటోలు లేవు. పోయినవి ఐదు సరుకుల మొదటి ఫోటోలే. ఇక్కడే అసలు నష్టం ఉంది. చాలా వేదికల్లో మొదటి ఫోటోను ప్రధాన చిత్రంగా లెక్కిస్తారు. ప్రధాన చిత్రం లేని సరుకు వెతుకులాట ఫలితాల్లో కనిపించదు. అంటే మిగిలిన పది ఫోటోలు భద్రంగా ఉన్నా ఐదు సరుకులూ కొనేవారి కంటికి ఆనవు. కొత్త ఆవకాయ సిద్ధంగా ఉన్న జూన్ నెలలో ఆమె ఆన్‌లైన్ దుకాణం తలుపు వేసినట్లే అయింది.

కంగారులో 9 గంటల 15 నిమిషాలకు ఆమె పంపిన ఈ-మెయిల్ ఇది:

విషయం: చాలా అర్జెంటు!!! దయచేసి చూడండి

సార్, రాత్రి నేను పెట్టిన ఫోటోలు అన్నీ తీసేశారు. ఎందుకు తీశారో చెప్పలేదు. నేను ఎన్నో ఏళ్ళుగా నిజాయితీగా వ్యాపారం చేసుకుంటున్నాను. ఒక్క కస్టమర్ కూడా ఇప్పటివరకు కంప్లయింట్ చేయలేదు. ఇలా చేస్తే చిన్న దుకాణాలు ఎలా బతకాలి? వెంటనే నా ఫోటోలు నాకు పెట్టేయండి. లేకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్ళాల్సి వస్తుంది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "మీ చిత్రాలు మా చిత్ర విధానానికి అనుగుణంగా లేవు. దయచేసి విధానాన్ని చదివి, సరైన చిత్రాలను తిరిగి ఎక్కించండి" అని. దానికింద ఒక కేసు సంఖ్య, 48213. ఆమె ఉత్తరాన్ని ఎవరూ చదవలేదనిపించేలా ఉందా జవాబు. కానీ మరోసారి ఆమె ఉత్తరాన్నే చూడండి. చదివినవారు మాత్రం ఏం చేయగలరు? ఏ దుకాణం, ఏ సరుకు, ఏ ఫోటో అన్నది అందులో లేదు. "అన్నీ తీసేశారు" అన్నది నిజం కాదు, పదిహేనులో ఐదే పోయాయి. "ఎందుకు తీశారో చెప్పలేదు" అన్నదీ పూర్తిగా నిజం కాదు. అమ్మకందారు ఖాతాలోని నోటీసుల పేజీలో ఐదింటికీ ఒకే కారణం ఉంది: చిత్రంలో సంప్రదింపు వివరాలు. ఆమె ఆ పేజీ తెరవలేదు.

4.3 కనిపించిన ఫోటో ఎందుకు పోతుంది?

"ఎక్కినప్పుడు ఒప్పుకుని తర్వాత తీసేయడం ఏమిటి?" అన్నది ఇలాంటి చోట అందరికీ వచ్చే కోపం. ఎక్కించడం, పరిశీలించడం రెండు వేరు పనులు అని తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది.

ఫోటో ఎక్కేటప్పుడు యంత్రం చూసేది పైపై సంగతులు మాత్రమే. ఫైలు రకం సరైనదేనా, పరిమాణం హద్దులో ఉందా, పొడవు వెడల్పులు సరిపోతున్నాయా అని చూసి లోపలికి రానిస్తుంది. ఇక్కడ తప్పిన ఫోటో అసలు ఎక్కదు, అక్కడికక్కడే ఎర్ర అక్షరాల్లో కారణం వస్తుంది. బొమ్మలో ఏముంది అన్న పరిశీలన ఆ తర్వాత మొదలవుతుంది. దీనికి నిమిషాలు పట్టవచ్చు, గంటలు పట్టవచ్చు. బొమ్మలోని అక్షరాలను, అంకెలను చదివే ప్రోగ్రాం ఒకటి ఇందులో పనిచేస్తుంది. పది అంకెల వరుస కనిపిస్తే ఫోన్ నంబరుగా గుర్తిస్తుంది. ఆన్‌లైన్ వేదికలకు ఫోన్ నంబర్లంటే ఎందుకంత పట్టింపో ఊహించవచ్చు. కొనేవారు ఆ నంబరుకు ఫోన్ చేసి నేరుగా కొనుక్కుంటే వేదికకు రావలసిన కమీషన్ పోతుంది. మోసగాళ్ళు కూడా ఇదే దారిలో కొనుగోలుదారులను బయటికి లాగుతారు. అందుకే ప్రధాన చిత్రం మీద అదనపు రాత, దుకాణం ముద్ర, నంబరు ఉండకూడదన్న నియమం పెద్ద వేదికలన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. తెల్లని నేపథ్యం ఉండాలని, సరుకు చట్రంలో ఎక్కువ భాగం నిండాలని కూడా కొన్ని కోరతాయి.

ఇంకొకరి ఫిర్యాదు మీద తొలగించడం మూడవ దారి. ఇది రోజులు, వారాల తర్వాత కూడా జరగవచ్చు. "ఈ ఫోటో మాది" అని మరో అమ్మకందారు ఫిర్యాదు చేస్తే జరిగేది ఇదే. దీని సంగతి 4.7లో చూద్దాం.

కాబట్టి ఫోటో పోయిన సమయమే ఒక ఆధారం. ఎక్కుతుండగా పోతే ఫైలులో లోపం. ఒక రాత్రిలో పోతే బహుశా బొమ్మలోని విషయం. ఎంతో కాలం నిలిచి ఆ తర్వాత పోతే ఎవరైనా ఫిర్యాదు చేశారేమో చూడాలి. ఇది కచ్చితమైన సూత్రం కాదు గానీ, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

4.4 రాయడానికి ముందు: పోయినవాటిని విడదీయడం

మరునాడు ఆమె తీరికగా కూర్చుని, పోయిన ఐదు ఫోటోలను ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూశారు. నాలుగింటి అడుగున పసుపురంగు పట్టీ ఉంది. దాని మీద దుకాణం పేరు, వాట్సాప్ నంబరు. ఫోటోలు అందంగా ఉండాలని ఒక యాప్‌తో తానే వేసిన పట్టీ అది. నోటీసులో చెప్పిన కారణం ఈ నాలుగింటికీ సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ తప్పు ఆమెదే.

ఐదవది కరివేపాకు పొడి పొట్లం. దీన్ని అన్నిటికంటే చివర తీశారు, పట్టీ వేయడం మరచిపోయారు. తెల్లని గుడ్డ మీద పొట్లం తప్ప ఇంకేమీ లేదు. మరి ఇదెందుకు పోయింది? బొమ్మను పెద్దది చేసి చూస్తే పొట్లానికి అంటించిన లేబుల్ మీద నంబరు కనిపించింది. సీసాల మీద లేబుల్ గుండ్రంగా తిరిగిపోయి నంబరు పక్కకు వెళ్తుంది. ఈ పొట్లం చదునుగా ఉంది, కెమెరా దగ్గరగా ఉంది. నంబరు స్పష్టంగా చదవవచ్చు.

ఇప్పుడు కథ మారింది. లేబుల్ మీద ఆ నంబరు ప్రచారం కోసం వేసినది కాదు. ముందే పొట్లం కట్టి అమ్మే సరుకు మీద వినియోగదారుడు ఫిర్యాదు చేయడానికి సంప్రదించవలసిన వారి పేరు, చిరునామా, టెలిఫోన్ నంబరు, ఈ-మెయిల్ ఉండాలని లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 చెబుతున్నాయి. ఆహార పదార్థమైతే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఇచ్చిన 14 అంకెల సంఖ్య కూడా లేబుల్ మీద ఉండాలి. అంటే వేదిక యంత్రం దేన్ని తప్పుగా గుర్తించిందో, దాన్ని వేయడం చట్టం ప్రకారం ఆమె బాధ్యత. నంబరును చెరిపి ఫోటో పెడితే బొమ్మలోని పొట్లం ఒకటి, ఇంటికి చేరే పొట్లం ఇంకొకటి అవుతుంది.

ఈ పాఠంలో మీరు గట్టిగా పట్టుకోవలసినది ఇదే. ఒకే రోజున, ఒకే కారణంతో పోయిన ఐదు ఫోటోలు నిజానికి రెండు వేరు సమస్యలు. నాలుగు ఆమె సరిదిద్దుకోవలసినవి. ఒకటి వేదిక తిరిగి చూడవలసినది. ఐదింటినీ కలిపి రాసినంత కాలం, చదివేవారికి కనబడేది ఆ నాలుగు తప్పులే. వాటిని చూసి "విధానం చదవండి" అని జవాబిచ్చి కేసు మూసేస్తారు. ఆ ఒక్క న్యాయమైన విన్నపం నాలుగు తప్పుల కింద నలిగిపోతుంది.

అందుకని ఆమె ముందు తన చేతిలో ఉన్న పని చేశారు. యాప్ పట్టీ వేసింది నకళ్ళ మీదే కాబట్టి, పట్టీ లేని అసలు ఫోటోలు ఫోన్ గ్యాలరీలోనే ఉన్నాయి. 12వ తేదీ సాయంత్రం ఆ నాలుగింటినీ ఎక్కించారు. రాత్రంతా నిలుస్తాయో లేదో చూశారు. 13వ తేదీ ఉదయానికి నాలుగూ ఉన్నాయి. అప్పుడే రెండవ ఈ-మెయిల్ రాయడానికి కూర్చున్నారు. ఐదవ సరుకు కనబడకుండా ఉండడం ఇష్టం లేక, ఆ పొట్లాన్నే లేబుల్ పక్కకు తిరిగేలా కొంచెం ఏటవాలుగా పెట్టి తీసిన ఫోటోను తాత్కాలికంగా పెట్టారు. నా అభిప్రాయంలో ఇది మంచి పని. న్యాయం కోసం ఎదురుచూస్తూ సీజన్ పోగొట్టుకోవడం చిన్న వ్యాపారికి తగదు. అయితే తొలగించిన ఫోటో తాలూకు నోటీసును మాత్రం ఖాతాలోంచి చెరపకూడదు. అది చెరిగితే తిరిగి పరిశీలించమని అడగడానికి ఆధారం ఉండదు.

4.5 రెండవ ఈ-మెయిల్

చాలా వేదికల సహాయ విభాగాలు ఇంగ్లీషులోనే జవాబిస్తాయి, కొన్ని తెలుగునూ తీసుకుంటాయి. ఏ భాషలో రాసినా విషయాల వరుస మారదు కాబట్టి, ఇక్కడ తెలుగులోనే ఇస్తున్నాం.

విషయం: కేసు 48213 – KRP-200 ప్రధాన చిత్రాన్ని తిరిగి పరిశీలించమని వినతి

సహాయ విభాగానికి,

నమస్కారం. నా అమ్మకందారు ఖాతాలో KRP-200 (కరివేపాకు పొడి, 200 గ్రాములు) ప్రధాన చిత్రం తొలగింపును తిరిగి పరిశీలించమని కోరుతున్నాను.

ఫైలు పేరు: IMG_20250610_171208.jpg
ఎక్కించిన సమయం: 2025 జూన్ 11, రాత్రి 12:20, భారత కాలమానం
తొలగించినట్లు చూసిన సమయం: అదే రోజు ఉదయం 9:00
నోటీసులోని కారణం: చిత్రంలో సంప్రదింపు వివరాలు

ఈ చిత్రానికి నేను ఎలాంటి రాతా చేర్చలేదు. అందులో కనిపించే ఫోన్ నంబరు పొట్లం లేబుల్‌లో భాగం. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఆ నంబరును లేబుల్ మీద ముద్రించాలి.

అదే రోజు తొలగించిన మరో నాలుగు చిత్రాల మీద (AVK-500, MGY-500, GNG-250, KPD-250) దుకాణం పేరు, నంబరు ఉన్న పట్టీని నేనే వేశాను. అది మీ విధానానికి విరుద్ధమని గుర్తించి 12వ తేదీన కొత్త చిత్రాలు పెట్టాను. వాటి గురించి నేను ఏమీ కోరడం లేదు.

KRP-200 చిత్రాన్ని ఒక ఉద్యోగి స్వయంగా చూసి పునరుద్ధరించమని కోరుతున్నాను. అలా కుదరకపోతే, లేబుల్‌ను ఏ విధంగా చూపాలో తెలియజేయండి.

జతచేసినవి: అసలు ఫోటో 1, నోటీసు తెరచిత్రం 1.

ఇట్లు,
(పేరు, ఖాతాలో నమోదైన దుకాణం పేరు)

4.6 ఇందులో ఒక్కొక్కటి ఎందుకుంది?

ముందు విషయం పంక్తి. సహాయ విభాగంలో ఉత్తరాలు వరుసలో నిలబడతాయి. ఎవరికి ఏది వెళ్ళాలన్నది చాలావరకు విషయం పంక్తిని బట్టే తేలుతుంది. "అర్జెంటు" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఊహించుకోండి. కేసు సంఖ్య ఉంటే పాత ఉత్తరం, పాత జవాబు పక్కనే తెరుచుకుంటాయి. అందుకే కొత్త ఉత్తరం మొదలుపెట్టకుండా, వచ్చిన జవాబుకే ప్రత్యుత్తరం ఇవ్వడం మేలు. ఒకే సంగతి మీద మూడు కొత్త ఉత్తరాలు పంపితే మూడు కేసులు తయారై, ముగ్గురు ఉద్యోగులు మూడు ముక్కలను చూస్తారు.

తర్వాత ఫైలు పేరు. ఫోన్ కెమెరా ఇచ్చిన పేరు IMG_20250610_171208.jpg తరహాలో ఉంటే అందులోనే తేదీ, సమయం ఉంటాయి. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా ఎవరికైనా పంపి, అక్కడినుంచి తిరిగి దించుకుంటే పేరు IMG-20250610-WA0007.jpg లాగా మారిపోతుంది. బొమ్మ పరిమాణం తగ్గుతుంది, కెమెరా వివరాలు కూడా పోతాయి. చాలామంది దుకాణదారులు ఫోటోలను ఇంట్లో పిల్లలకు వాట్సాప్‌లో పంపి, వారిచేత ఎక్కిస్తారు. దానివల్ల ఆధారం బలహీనపడుతుంది. అసలు ఫైలును గ్యాలరీలో ఉంచుకోండి. ఎక్కించడానికీ, జతచేయడానికీ దాన్నే వాడండి.

సమయం దగ్గర "భారత కాలమానం" అన్న రెండు మాటలు అనవసరం అనిపించవచ్చు. అవి ఎందుకో చూడండి. పెద్ద వేదికల యంత్రాలు తరచుగా యు.టి.సి. అనే ప్రపంచ కాలమానంలో నమోదు చేసుకుంటాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆమె 11వ తేదీ రాత్రి 12:20కి ఎక్కించినది అక్కడ 10వ తేదీ సాయంత్రం 6:50గా నమోదవుతుంది. తేదీయే మారిపోయింది. కాలమానం చెప్పకపోతే, 11వ తేదీ కోసం వెతికిన ఉద్యోగికి ఏమీ దొరక్క "అలాంటి ఎక్కింపు కనిపించలేదు" అని రాసే అవకాశం ఉంది. మీ అర్ధరాత్రి పనులకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

జతపరచిన ఫైళ్ళు రెండే. ఆమె మొదట ఐదు ఫోటోలూ జతచేద్దామనుకున్నారు. ఒక్కోటి 4 మెగాబైట్లనుకున్నా మొత్తం 20. జీమెయిల్ హద్దు 25 కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఈ-మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు ఫైలు దాదాపు మూడోవంతు పెరుగుతుంది. 20 కాస్తా దాదాపు 27 అయి, ఉత్తరం వెళ్ళకుండా ఆగిపోవచ్చు. అయినా లెక్క సంగతి అలా ఉంచండి. వివాదం ఒక్క ఫోటో మీద అయినప్పుడు మిగిలిన నాలుగు చూపడం దేనికి?

ఇక నాలుగు తప్పులను ఒప్పుకున్న పేరా. "మనమే చెప్పుకుంటే చులకన కామా?" అని ఆమెకు సందేహం వచ్చింది. ఇంట్లోవారూ వద్దన్నారు. కానీ ఆ నాలుగూ వేదిక రికార్డులో ఎలాగూ ఉన్నాయి. చదివే ఉద్యోగి ఖాతా తెరవగానే ఐదు తొలగింపులు కనబడతాయి. వాటి గురించి ఉత్తరం మౌనంగా ఉంటే ఐదవదీ అలాంటిదేనని అనుకుంటారు. ముందే వేరుచేసి చెబితే, ఈమెకు నియమం తెలుసు, అయినా ఈ ఒక్కదాని గురించి అడుగుతున్నారంటే కారణం ఉండి ఉంటుంది అనిపిస్తుంది. ఇది వినయం కోసం రాసిన పేరా కాదు, చిక్కు విడదీయడానికి రాసినది.

చట్టం పేరు కూడా బెదిరింపుగా రాలేదు. నంబరు అక్కడ ఎందుకుందో చెప్పడానికి వచ్చింది. మొదటి ఉత్తరంలో వినియోగదారుల ఫోరం ప్రస్తావన ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020లో ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలన్న మాట ఉంది గానీ, అది వినియోగదారుడి ఫిర్యాదు గురించి. ఇక్కడ ఆమె కొనేవారు కాదు, అమ్మేవారు. వర్తించని నియమాన్ని చూపితే వర్తించే మాట కూడా తేలిపోతుంది.

చివరి విన్నపంలో రెండు దారులు ఉన్నాయని గమనించండి. పునరుద్ధరించండి, లేదా లేబుల్ ఎలా చూపాలో చెప్పండి. మొదటిది ఆ ఉద్యోగి అధికారంలో లేకపోయినా రెండవదానికి జవాబు ఇవ్వగలరు. "కాదు" అని ఒక్క ముక్కలో ముగించే వీలు తగ్గుతుంది.

4.7 తర్వాత ఏమైంది? ఇంకెక్కడ చిక్కులు వస్తాయి?

మన ఉదాహరణలో జూన్ 16న జవాబు వచ్చింది. ఉద్యోగి ఒకరు చూసి ఫోటోను పునరుద్ధరించారు. కథ అక్కడితో ముగియలేదు. రెండు వారాల తర్వాత ఆమె అదే పొడిని 500 గ్రాముల పొట్లంలో పెట్టి అలాంటి ఫోటోనే ఎక్కిస్తే, అది కూడా రాత్రికి రాత్రే పోయింది. ఒక మనిషి ఒక ఫోటోకు ఇచ్చిన అనుమతి యంత్రానికి పాఠం కాదు. కొత్త ఫైలు వస్తే అది మళ్ళీ మొదటినుంచి చూస్తుంది. ఈసారి ఆమె మూడు వాక్యాలే రాశారు: కొత్త సరుకు సంకేతం, ఫైలు పేరు, "ఇదే కారణంతో తొలగించిన చిత్రాన్ని కేసు 48213లో పునరుద్ధరించారు" అన్న మాట. పాత కేసు సంఖ్యను చీటీ మీద రాసి గల్లాపెట్టెలో పెట్టుకోవడం ఇలా అక్కరకొచ్చింది.

జవాబే రాకపోతే? సమాచార సాంకేతిక మధ్యవర్తి నిబంధనలు, 2021 ప్రకారం ఇలాంటి వేదికలు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదింపు వివరాలు తమ వెబ్‌సైటులో ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి. సహాయ విభాగంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు జతచేసి ఆ అధికారికి రాయవచ్చు. ఆ నిర్ణయం కూడా సంతృప్తికరంగా లేకపోతే, 30 రోజుల్లోగా ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకునే వీలు 2023 నుంచి ఉంది. అక్కడ కూడా పనికొచ్చేది మీ మొదటి చక్కని ఉత్తరమే.

ఒక హెచ్చరిక. జవాబు ఆలస్యమైనప్పుడు వేదిక పేరుతో "కస్టమర్ కేర్ నంబరు" అని వెతకడం ప్రమాదం. అలా దొరికే నంబర్లలో మోసగాళ్ళవి ఉంటాయి. ఫోటో తిరిగి పెట్టడానికి ఓటీపీ గానీ, పాస్‌వర్డ్ గానీ, ఐదు రూపాయల చెల్లింపు గానీ అవసరం లేదు. అడిగారంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇక ఇంకొకరి ఫిర్యాదు మీద ఫోటో పోయినప్పుడు పైన చూపిన ఉత్తరం పనికిరాదు. అప్పుడు ప్రశ్న "ఫోటోలో ఏముంది?" కాదు, "ఫోటో ఎవరిది?" అన్నది. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం సాధారణంగా ఫోటో తీసినవారే దాని మొదటి యజమాని. కానీ మీరు డబ్బిచ్చి ఫోటోగ్రాఫర్‌చేత తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు యజమాని మీరే. కాబట్టి నారాయణగూడలో స్టూడియోవారిచేత సరుకుల ఫోటోలు తీయించుకున్న దుకాణదారు ఆ రశీదును పారేయకూడదు. ఉత్తరానికి జతచేయవలసినది అదే. టోకు వ్యాపారి వాట్సాప్‌లో పంపిన ఫోటోలను వాడినవారి చేతిలో మాత్రం అలాంటి కాగితం ఏదీ ఉండదు. ఆ టోకు వ్యాపారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, ఆ ఫోటో నిజంగా ఆయనదే అయితే తప్ప, వాదించడం కంటే చీరను తీగ మీద ఆరేసి కొత్త ఫోటో తీసుకోవడమే తొందరగా తెమిలే పని.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చిక్కడపల్లిలో ఒక గాజుల దుకాణదారు ఎనిమిది ఫోటోలు ఎక్కించారు. రెండు ఎక్కుతుండగానే తిరస్కరణకు గురయ్యాయి. ఒకటి మరునాటికి పోయింది, దాని మూలన ధర, "ఆఫర్" అన్న రాత ఉన్నాయి. మరొకటి నలభై రోజులు నిలిచి పోయింది. ఈ నాలుగింటిలో సహాయ విభాగానికి రాయవలసినది ఏది? మిగిలిన మూడింటి విషయంలో ఆయన స్వయంగా చేయవలసిందేమిటి? రాయడానికి ముందు ఏ పేజీ తెరిచి చూడాలి?

2. 4.2లో ఇచ్చిన మొదటి ఈ-మెయిల్‌లో చదివే ఉద్యోగికి పనికొచ్చే సమాచారం ఉన్న వాక్యాల కింద గీత గీయండి. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. అదే లెక్క 4.5లోని ఈ-మెయిల్‌కు వేసి చూడండి.

3. రాత్రి 3 గంటలకు ఎక్కించిన ఫోటో యు.టి.సి.లో ఏ తేదీన, ఏ సమయానికి నమోదవుతుంది? ఉదయం 6 గంటలకు ఎక్కిస్తే తేదీ మారుతుందా?